ఏ-1 గ్రేడుకు ఎన్ని మార్కులు కావాలి?

లెక్కల్లో 69 మార్కులు వచ్చిన విద్యార్థికి ఏ-1 గ్రేడు, సైన్సులో 90 వచ్చిన విద్యార్థికి ఏ-2 గ్రేడు! ఇదెలా సాధ్యమని మీకు అనిపించవచ్చు. కాని ఇందులో పొరపాటేమీ లేదు.

సి.బి.ఎస్.ఇ. పదవ, పన్నెండవ తరగతుల పరీక్షలలో ఫలానా గ్రేడుకు ఇన్ని మార్కులు కావాలని ముందుగా నిర్ణయించరు. ఒక సబ్జెక్టులో పాసయిన వారందరినీ మార్కుల క్రమంలో వరుసగా పేర్చి, ఆ వరుసను ఎనిమిది సమాన భాగాలు చేస్తారు. మొదటి భాగానికి ఏ-1, రెండవ భాగానికి ఏ-2, అలా చివరి భాగానికి డి-2 ఇస్తారు. పరీక్ష తప్పినవారు ఈ వరుసలో ఉండరు.

బోర్డు పరీక్షలో ఈ వరుస లక్షలమందితో ఉంటుంది. మనం లెక్క తేలికగా ఉండడానికి ఒక చిన్న తరగతిని ఊహించుకుందాం. 48 మంది పరీక్ష రాశారు, 40 మంది పాసయ్యారు. నలభైలో ఎనిమిదవ వంతు అయిదు. కాబట్టి అయిదవ స్థానంలో ఉన్నవారి మార్కులే ఏ-1కు హద్దు.

లెక్కల పేపరు కష్టంగా వచ్చింది. మొదటి ఆరుగురి మార్కులు 78, 74, 71, 69, 66, 64. ఇక్కడ హద్దు 66. సైన్సు పేపరు తేలిక. అందులోనూ 40 మందే పాసయ్యారు. మొదటి ఆరుగురివి 97, 96, 95, 93, 92, 90. ఇక్కడ హద్దు 92. ఇప్పుడు 69కి ఏ-1, 90కి ఏ-2 ఎందుకు వచ్చాయో తెలిసింది కదా!

మరి హద్దు దగ్గర ఇద్దరు ముగ్గురికి ఒకే మార్కులు వస్తే? వారిని విడదీయరు. గీతకు ఏ వైపు ఎక్కువమంది ఉంటే, మిగిలినవారిని కూడా ఆ వైపే చేరుస్తారు.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. లెక్కల మాస్టారు అందరికీ అయిదు మార్కులు కలిపారనుకుందాం. ఏ-1 తేలికవుతుందా? హద్దు కూడా 66 నుంచి 71కి పెరుగుతుంది. వరుస మారదు, కాబట్టి గ్రేడులూ మారవు. అయితే ఆ అయిదు మార్కులతో తప్పిన ఎనిమిది మందీ పాసయితే? పాసయినవారు 48, అందులో ఎనిమిదవ వంతు ఆరు. ఆరవ విద్యార్థికి 64కు అయిదు కలిసి 69 అయ్యాయి. హద్దు 69కి దిగి, అతనికీ ఏ-1 వస్తుంది. అంటే వెనుక బెంచీ మిత్రుడికి మీరు లెక్కలు నేర్పి పాస్ చేయిస్తే, అతను మిమ్మల్ని దాటిపోనంతవరకు, మీ గ్రేడుకు నష్టం లేదు, ఒక్కొక్కప్పుడు లాభమే!

కనుక ఈ గ్రేడు మీ స్థానాన్ని చెబుతుందే కాని, పాఠం ఎంత వచ్చిందో చెప్పదు. 66తో ఏ-1 పొందినవారికి కూడా 34 మార్కుల పాఠం మిగిలే ఉంది. అందుకే మార్కుల జాబితాలో గ్రేడుతోపాటు దాని పక్కనున్న మార్కులనూ చూడండి.