పాలవేళ పెట్టె

బారసాల రోజు మా చెల్లెలి ఇంటికొచ్చిన చుట్టాలంతా నేరుగా ఉయ్యాల దగ్గరికే వెళ్లారు. గౌన్లు, వెండి మువ్వలు, దోమతెర పరుపు. ఐదేళ్ల పెద్దోడు ఒక్కో కవరూ అందుకుని గోడవారన పేరుస్తూ, "ఇందులో నాదేమైనా ఉందా పెద్దమ్మా?" అని అడిగాడు. ఏమీ లేదు. ఎప్పుడో మానేసినవాడు ఆ రాత్రి మళ్లీ పక్క తడిపాడు.

ఇలాంటప్పుడు చాలామంది రిమోట్ కారు కొనిపెడతారు. రెండు రోజులు బాగానే తిరుగుతుంది, మూడోనాడు మంచం కిందికి పోతుంది. వాడిని అసలు బాధపెట్టేది పాలవేళ. పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. అన్నిసార్లూ అమ్మ ఒడి వాడికి దొరకదు, అన్నిసార్లూ "ఆగు నాన్నా" అనే మాటే వినిపిస్తుంది. కానుక ఆ కాసేపటికి పనికిరావాలి.

మా చెల్లెలు ఒక చెప్పుల డబ్బాకు రంగు కాగితం అంటించి పైన వాడి పేరు రాసింది. లోపల స్టిక్కర్ల పుస్తకం, క్రేయాన్లు, ఒక పజిల్, చిన్న డబ్బాలో మరమరాలు, వాడి పసితనపు ఫొటోల ఆల్బమ్. పాప పాలు తాగుతున్నంతసేపే పెట్టె వాడిది. తర్వాత బీరువా మీదికి వెళ్లిపోతుంది. రోజంతా చేతిలో ఉండదు కాబట్టే మోజు తగ్గలేదు. వారానికోసారి ఒక వస్తువు మార్చేది. అన్నిటికన్నా ఎక్కువ తిరగేసింది ఆల్బమ్‌నే. అమ్మ భుజానికి ఆనుకుని కూర్చుని, "అమ్మమ్మ కాళ్ల మీద నీళ్లు పోయించుకుంటున్నది నేనేనా?" అని రోజూ అడిగేవాడు. ఒక చేత్తో పాపను పట్టుకుని, రెండో చేత్తో పేజీ తిప్పేది తను.

పాపే అన్నకు బహుమతి తెచ్చిందని చెప్పడం కొందరికి అలవాటు. మూడేళ్లవాడు నమ్ముతాడేమో, ఐదేళ్లవాడు "దీనికి డబ్బులెక్కడివి?" అంటాడు. "చెల్లి తరఫున నేనే కొన్నాను" అని నిజం చెప్పేస్తే సరిపోతుంది. పాపను గిల్లిన వెంటనే మాత్రం ఏ బొమ్మా చేతికివ్వకండి. గిల్లితే బొమ్మ వస్తుందని వాడికి అర్థమైపోతుంది. అప్పుడు చెయ్యి పట్టుకుని ఆపి, దగ్గర కూర్చోబెట్టుకుంటే చాలు.

పెట్టెను ఎత్తున ఉంచడానికి ఇంకో కారణమూ ఉంది. నాలుగైదు నెలలు దాటాక పాపాయి చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. పూసలు, అయస్కాంతం ముక్కలు, బటన్ బ్యాటరీలతో నడిచే బొమ్మలు అసలు కొనకపోవడమే మంచిది. బటన్ బ్యాటరీ మింగితే గొంతులోపల కాలిపోతుంది, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

పక్క తడపడం వారాల తరబడి ఆగకపోయినా, మూత్రం పోసేటప్పుడు మంట అన్నా పిల్లల డాక్టరుకు చూపించాలి. మావాడికి ఆ అవసరం రాలేదు. మూడో వారంలో నేను వెళ్లేసరికి పాప ఇంకా పూర్తిగా ఏడుపు అందుకోనే లేదు, వాడు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి అమ్మ కొంగు లాగుతున్నాడు: "పాపకి ఆకలేస్తోందమ్మా, నా పెట్టె దించు!"