మిల్లుకు స్టాక్ ఆడిటర్ వచ్చే రోజు

రైస్ మిల్లుకు క్యాష్ క్రెడిట్ ఇచ్చిన బ్యాంకు, హామీగా చూపిన ధాన్యం నిజంగా ఉందో లేదో చూడటానికి ఆడిటర్‌ను పంపుతుంది. తేదీ ఖరారు కాగానే గుమాస్తాకు, గోదాము ఇన్‌ఛార్జికి, హమాలీ మేస్త్రీకి ఆ రోజు ఊరు దాటొద్దని చెప్పాలి. చాలామంది మరిచిపోయేది మేస్త్రీనే. ముందు వరసలు జరిపి లోపల బస్తాలున్నాయని చూపించేది ఆయనే.

బల్ల మీద చివరి స్టాక్ స్టేట్‌మెంట్, స్టాక్ రిజిస్టర్, కొనుగోలు బిల్లులు, వేబ్రిడ్జి చీటీలు, బీమా పాలసీ ఉండాలి. స్టేట్‌మెంట్ నెలాఖరుది, తనిఖీ పదో తేదీన అనుకుందాం. అప్పుడు 4,000 బస్తాలున్నాయి. తర్వాత 600 కొన్నారు, 900 మర ఆడించారు. గోదాములో 3,700 కనిపించాలి. ఈ లెక్క ముందురోజే గుమాస్తా రాసిపెట్టుకుంటే మంచిది. మర ఆడించిన 900 బస్తాల బియ్యం, తవుడు ఎటు వెళ్లాయో కూడా రిజిస్టర్ చెప్పాలి.

అసలు చిక్కు ప్రభుత్వ ధాన్యంతో వస్తుంది. మర ఆడించి బియ్యంగా తిరిగి ఇమ్మని పౌరసరఫరాల సంస్థ అప్పగించిన బస్తాలు మిల్లరువి కావు, అప్పుకు హామీ కావు. సొంత సరుకుతో కలిపి పేరిస్తే ఏది ఎవరిదో తేలదు. వాటికి వేరే చోటు, బోర్డు, రిజిస్టర్ తప్పనిసరి. రైతుకు ఇంకా డబ్బు చెల్లించని సరుకు విలువనూ బ్యాంకు తీసేసే లెక్కకడుతుంది కాబట్టి, బకాయిల జాబితా దాచకుండా ఇవ్వాలి.