లారీల సంఖ్య నిర్ణయంలో రెండు దశల యాదృచ్ఛిక ప్రణాళిక: సగటు అద్దెతో వచ్చే పొరపాటు

గుంటూరు మిర్చి యార్డుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సరుకు ముమ్మరంగా వస్తుంది. అక్కడి టిక్కీలను శీతల గిడ్డంగులకు, మిల్లులకు, దూరపు మార్కెట్లకు చేరవేసే ఒక రవాణాదారును ఊహించుకుందాం. సీజను అంతటికీ ఎన్ని లారీలను సొంతంగానో, ఒప్పందం మీదనో ఉంచుకోవాలన్నది అతడు జనవరిలోనే తేల్చుకోవాలి. ఏ రోజు ఎంత సరుకు కదులుతుందో అప్పటికి తెలియదు. సరుకు తక్కువైతే లారీలు ఊరక నిలబడతాయి. వాయిదాలు, డ్రైవరు జీతం, బీమా మాత్రం ఆగవు. సరుకు ఎక్కువైతే బయటి లారీలను అప్పటికప్పుడు అద్దెకు తెచ్చుకోవాలి.

నిర్ణయం ముందు, సమాచారం తరువాత, ఆ సమాచారాన్ని బట్టి దిద్దుబాటు చివర అనే ఈ క్రమాన్ని గణితంలోకి తెచ్చిన నమూనాయే రెండు దశల యాదృచ్ఛిక ప్రణాళిక. 1955లో జార్జి డాంట్జిగ్, ఇ.ఎం.ఎల్. బీల్ వేర్వేరుగా దీనికి పునాది వేశారు. మరుసటి ఏడాది డాంట్జిగ్, ఫెర్గూసన్ కలిసి, ప్రయాణికుల గిరాకీ తెలియక ముందే విమానాలను మార్గాలకు కేటాయించే సమస్యకు దీనిని అన్వయించారు. అంటే వాహనాల సమస్య ఈ శాస్త్రానికి తరువాత దొరికిన ఉదాహరణ కాదు, దాదాపు దానితోపాటే పుట్టింది.

నమూనా

సీజనుకు ఉంచుకునే లారీల సంఖ్య x. ఒక్కో లారీకి, అది తిరిగినా తిరగకపోయినా, రోజుకు c రూపాయల స్థిర వ్యయం. గిరాకీ ఏ రూపంలో ఎదురుకావచ్చునో ఆ పరిస్థితులను s అనే సూచికతో గుర్తిద్దాం. పరిస్థితి s సంభావ్యత p_s, ఆ రోజు అవసరమయ్యే లారీలు d_s, అద్దెకు తెచ్చే లారీలు y_s. సొంత లారీని నడిపితే అయ్యే డీజిలు వగైరా ఖర్చు కంటే అద్దె లారీకి అదనంగా చెల్లించే మొత్తం q_s.

```
min   c·x + Σ p_s · q_s · y_s
      x + y_s ≥ d_s      (ప్రతి s కు)
      x ≥ 0,  y_s ≥ 0
```

y కి s అనే సూచిక ఉంది, x కు లేదు. నమూనా ప్రాణమంతా ఈ తేడాలోనే ఉంది. గిరాకీ తెలిశాక తీసుకునే నిర్ణయం పరిస్థితిని బట్టి మారవచ్చు. తెలియక ముందు తీసుకునేది మారకూడదు. ప్రోగ్రాము రాసేటప్పుడు విద్యార్థులు x కు కూడా s తగిలించడం తరచుగా జరుగుతుంది. సాఫ్ట్‌వేరు ఏ దోషమూ చూపదు, నిక్షేపంగా ఒక జవాబు ఇస్తుంది. అయితే అది రేపటి సంగతి ముందే తెలిసినవాడి జవాబు. అద్దె లారీలు అన్ని పరిస్థితులలోనూ సున్నా అయితే ఈ తప్పు దొర్లిందేమోనని అనుమానించాలి.

లెక్క చేతికి అందేలా మూడు పరిస్థితులే తీసుకుందాం. ఈ అంకెలు వివరణ కోసం ఎంచుకున్నవి. మందకొడి రోజున 20 లారీలు కావాలి (సంభావ్యత 0.3), మామూలు రోజున 30 (0.4), ఉద్ధృతి రోజున 50 (0.3). సగటు గిరాకీ 33. స్థిర వ్యయం లారీకి రోజుకు 4,000 రూపాయలు. అద్దె అదనపు భారం ప్రస్తుతానికి అన్ని రోజులలోనూ 10,000 అనుకుందాం.

జవాబు కోసం సాఫ్ట్‌వేరు అక్కరలేదు. ఇంకొక్క లారీ చేర్చుకుంటే 4,000 ఖర్చు. అది పనికివచ్చే రోజున 10,000 మిగులుతుంది. కాబట్టి అది పనికివచ్చే సంభావ్యత 0.4 కు మించినంతకాలం లారీలను చేర్చుకుంటూ పోవచ్చు. 21 నుంచి 30 వరకు ప్రతి లారీ మామూలు, ఉద్ధృతి రోజులు రెండింటిలోనూ తిరుగుతుంది కనుక ఆ సంభావ్యత 0.7. 31వ లారీకి అది 0.3 కు పడిపోతుంది. అందుచేత 30 దగ్గర ఆగాలి. రోజువారీ ప్రత్యాశిత వ్యయం 1,20,000 స్థిర వ్యయమూ, 60,000 అద్దె భారమూ కలిపి 1,80,000. సగటు గిరాకీని నమ్మి 33 లారీలు ఉంచుకుంటే 1,83,000. యాదృచ్ఛిక నమూనా వల్ల కలిగిన లాభం రోజుకు 3,000 మాత్రమే. ఇంత చిన్న లాభానికి ఇంత శ్రమ అవసరమా అన్న ప్రశ్న ఇక్కడ న్యాయమైనదే.

అద్దె, గిరాకీ కలిసి పెరిగితే

పై లెక్కలో అద్దె స్థిరమన్న ఊహ వాస్తవానికి దూరం. యార్డుకు సరుకు పోటెత్తిన రోజున ఒక్క రవాణాదారుకే లారీలు చాలకపోవడం ఉండదు, అందరికీ చాలవు. అందరూ అదే రోజు, అదే బయటి లారీల కోసం వెదుకుతారు. కనుక అద్దె ఎక్కువగా అవసరమయ్యే రోజునే అది ఖరీదై కూర్చుంటుంది. అదనపు భారం మందకొడి రోజున 6,000, మామూలు రోజున 8,000, ఉద్ధృతి రోజున 15,000 అనుకుందాం. దీని ప్రత్యాశిత విలువ 9,500. ఇంతకు ముందటి 10,000 కంటే ఇది తక్కువే.

సగటు అద్దె తగ్గింది కాబట్టి సొంత లారీలు ఇంకొన్ని తగ్గించుకోవచ్చునని, కనీసం 30 దగ్గరే ఉండవచ్చునని తోస్తుంది. 9,500 ను అన్ని రోజులకూ వాడి లెక్కిస్తే జవాబు 30 గానే వస్తుంది, వ్యయం 1,77,000 గా కనిపిస్తుంది. కానీ 31వ లారీ పనికివచ్చేది ఉద్ధృతి రోజునే. ఆ రోజున అది మిగిల్చేది 9,500 కాదు, 15,000. దానిని 0.3 తో గుణిస్తే 4,500, అంటే స్థిర వ్యయమైన 4,000 కంటే ఎక్కువ. 50వ లారీ దాకా ఇదే లెక్క. కాబట్టి ఉత్తమ సంఖ్య 50, వ్యయం 2,00,000. 30 లారీలతో నిలబడినవాడికి కాగితం మీద 1,77,000 కనిపించినా, నిజంగా అయ్యేది 2,10,000. మందకొడి రోజుల చౌక అద్దె సగటును కిందికి లాగింది. ఆ రోజులలో ఎవరూ అద్దెకు తీసుకోరు కనుక ఆ ధరకు ఈ నిర్ణయంలో ప్రమేయమే లేదు.

గిరాకీకి పరిస్థితులు కట్టి, అద్దెకు మాత్రం ఒకే సగటు అంకె వేయడం ఈ రకం అభ్యాసాలలో సులభంగా జరిగే పని. యాదృచ్ఛికతను సగం మాత్రమే ఒప్పుకోవడం వల్ల నష్టం ఎక్కడ జరుగుతుందో పై లెక్క చూపుతుంది. పరిస్థితి అంటే గిరాకీ ఒక్కటే కాదు, గిరాకీ, అద్దెల జంట. చరిత్ర నుంచి పరిస్థితులను తయారుచేసేటప్పుడు ఒక తేదీకి సంబంధించిన రెండు అంకెలనూ విడదీయకుండా తీసుకోవాలి.

30 నుంచి ఒక్కసారిగా 50 కి గెంతడం మాత్రం మూడే పరిస్థితులు పెట్టుకున్నందువల్ల వచ్చినది. ఈ సరళ నమూనాలో వ్యయ రేఖ వంపు తిరిగేది d_s విలువల దగ్గరే. మధ్యలో అది సరళరేఖ. పరిస్థితులు ఎక్కువైన కొద్దీ జవాబు మెల్లగా జరుగుతుంది.

0.3 ఎక్కడిది?

50 అన్న జవాబు ఉద్ధృతి రోజుల సంభావ్యత మీద నిలబడి ఉంది. 4,000 ను 15,000 తో భాగిస్తే దాదాపు 0.267. సంభావ్యత దీనికి పైన ఉంటే 50, దిగువన ఉంటే 30. మనం వేసుకున్న 0.3 కు, ఈ గీతకు మధ్య దూరం చాలా తక్కువ.

పది సీజన్ల పుస్తకాలు ఉంటే 900 రోజుల లెక్క ఉన్నట్లేనని, 0.3 ను గట్టిగా నమ్మవచ్చునని అనిపించవచ్చు. కానీ ఒకే సీజనులోని రోజులు పరస్పరం స్వతంత్రమైనవి కావు. పంట బాగా పండిన ఏడాది ఉద్ధృతి రోజులు వరుసగా వస్తాయి. తెగులు సోకిన ఏడాది అసలు రాకపోవచ్చు. x సీజను అంతా మారదు కాబట్టి ప్రత్యాశిత వ్యయానికి ఈ పరాధీనతతో పని లేదు, రోజుల నిష్పత్తి చాలు. ఆ నిష్పత్తిని అంచనా వేయడంలో మాత్రం మన దగ్గర ఉన్నది 900 స్వతంత్ర పరిశీలనల కంటే పది పరిశీలనలకే దగ్గర. ఒక్కో సీజనును పక్కన పెట్టి, మిగిలిన తొమ్మిదింటితో x ను లెక్కించి, పక్కన పెట్టిన సీజనులో దాని వ్యయాన్ని చూస్తే జవాబు ఎంత ఊగుతుందో తెలుస్తుంది. రోజులను చెల్లాచెదురుగా కలిపి ఇదే పరీక్ష చేస్తే లేని నిలకడ కనిపిస్తుంది.

పుస్తకాలలో ఇంకొక లోపం కూడా దాగి ఉంటుంది. అందులో ఉండేది పంపిన లారీల లెక్క, అడిగిన లారీల లెక్క కాదు. లారీలు లేవని తిప్పి పంపిన సరుకు ఎక్కడా నమోదు కాదు. 50 కావలసిన రోజు పుస్తకంలో 42 గా కనిపిస్తుంది. కొన్ని రోజుల సంఖ్యలు ఒకే గరిష్ఠ విలువ దగ్గర గుంపుగా ఆగి ఉంటే అది గిరాకీ పరిమితి కాదు, లారీల పరిమితి అని గుర్తించాలి.

అద్దె లారీలు దొరకనప్పుడు

ఇంతవరకు ఎంత ధరకైనా సరే కావలసినన్ని అద్దె లారీలు దొరుకుతాయనుకున్నాం. ఉద్ధృతి రోజున 12 మాత్రమే దొరుకుతాయనుకుందాం. నమూనాలో y ≤ 12 అన్న నిబంధన ఒక్కటే చేర్చి ఊరుకుంటే 38 కంటే తక్కువ లారీలతో సాధ్యమైన జవాబే ఉండదు. ఉద్ధృతి రోజు నూరేళ్లకు ఒకసారి వచ్చేదైనా నమూనా 38 లారీలు కొనిపిస్తుంది. ఇది రవాణాదారు విజ్ఞత కాదు, నమూనా రాసినవాడి మరపు. పంపలేక మిగిలిపోయే సరుకుకు మరొక చలరాశి, దానికొక నష్టం పెట్టాలి. లారీడు సరుకు ఆగిపోతే 25,000 రూపాయల నష్టమనుకుందాం.

ఇప్పుడు 31 నుంచి 38 వరకు ప్రతి సొంత లారీ ఉద్ధృతి రోజున 25,000 నష్టాన్ని తప్పిస్తుంది. 39 నుంచి 50 వరకు తప్పేది 15,000 అద్దె భారమే. సంభావ్యత 0.3 అయితే ఉత్తమ సంఖ్య ఇప్పటికీ 50. కానీ సంభావ్యత 0.267 కు దిగువకు జారితే జవాబు 30 కి పడిపోదు, 38 దగ్గర ఆగుతుంది. 4,000 ను 25,000 తో భాగిస్తే 0.16 కనుక, సంభావ్యత అంతవరకు తగ్గినా అక్కడే ఉంటుంది.

పది సీజన్ల నుంచి తీసిన 0.3 నిజానికి 0.2 కావడం అసంభవమేమీ కాదు. రెండు తప్పుల ఖరీదునూ పక్కపక్కన పెట్టి చూద్దాం. నిజమైన సంభావ్యత 0.3 అయి 38 లారీలు ఉంచుకుంటే వ్యయం 2,06,000. 50 తో పోలిస్తే రోజుకు 6,000 నష్టం. నిజమైనది 0.2 అయి 50 ఉంచుకుంటే వ్యయం 2,00,000. 38 తో అయితే 1,88,000 తో సరిపోయేది, అంటే నష్టం 12,000. నమూనాకు 0.3 ఇచ్చి అడిగితే అది 50 అనే చెబుతుంది. ఆ 0.3 మీద నమ్మకం చాలని రవాణాదారు 38 ని ఎంచుకుంటే అతణ్ణి తప్పుపట్టడానికి నా దగ్గర కారణం లేదు.