అర్జీని గొంతెత్తి చదివితే

అర్జీ రాశాక కంటితో ఎన్నిసార్లు చూసుకున్నా కొన్ని లోపాలు దొరకవు. అదే కాగితాన్ని మామూలు వేగంతో పైకి చదివితే అవి బయటపడతాయి. మంచినీటి సమస్యపై మున్సిపల్ కమిషనర్‌కు కాలనీవాసులు రాసుకునే ఈ వాక్యం చూడండి:

"మా కాలనీలో పైపులైను పక్కనే మురుగు కాలువ తవ్వినప్పటి నుంచి కుళాయి నీరు వాసన వేస్తుండటం వలన, ఈ విషయమై వార్డు కార్యాలయంలో రెండుసార్లు తెలియజేసినప్పటికీ ఎవరూ వచ్చి పరిశీలించనందున, పిల్లలు జబ్బుపడుతున్నందున, తమరు వెంటనే నీటిని పరీక్ష చేయించి పైపులైను మరమ్మతు చేయించవలసిందిగా కోరుతున్నాము."

మొత్తం 33 మాటలు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ తెలుగులో క్రియ సాధారణంగా చివరనే వస్తుంది కాబట్టి, అడుగుతున్నదేమిటో తెలిసేదాకా వినేవారు మూడు కారణాలను మోస్తూ కూర్చోవాలి.

పెన్సిలు పట్టుకుని చదవండి. ఊపిరి తీసుకోక తప్పని చోట అడ్డగీత పెట్టండి. నాలుక తడబడిన మాట కింద గీత గీయండి. చదువుతూ దిద్దవద్దు, గుర్తులు పెడుతూ సాగండి. ఇక్కడ "పరిశీలించనందున", "జబ్బుపడుతున్నందున" వెంటవెంటనే రావడంతో నాలుక చిక్కుకుంటుంది. అసలు విన్నపానికి వచ్చేసరికి గొంతు నీరసిస్తుంది.

సరే అని ముక్కలు చేస్తే ఇంకో ఇబ్బంది: "నీరు వాసన వేస్తోంది. కార్యాలయంలో చెప్పాము. ఎవరూ రాలేదు. పిల్లలు జబ్బుపడుతున్నారు. పరీక్ష చేయించండి." అన్నీ ఒకే పొడవు, ఒకే దరువు. కారణానికీ ఫలితానికీ మధ్య లంకె కూడా తెగిపోయింది. ఇలా గొంతు ఒకే రాగంలో పడిన చోట అంచులో ఒక అలగీత వేయండి.

గుర్తులన్నీ చూసుకుని తిరగరాస్తే ఇలా వస్తుంది:

"మా కాలనీలో కుళాయి నీరు వాసన వేస్తోంది. పైపులైను పక్కనే మురుగు కాలువ తవ్వినప్పటి నుంచి ఈ సమస్య మొదలైంది. వార్డు కార్యాలయంలో రెండుసార్లు తెలియజేసినా ఎవరూ వచ్చి పరిశీలించలేదు. పిల్లలు జబ్బుపడుతున్నారు. తమరు వెంటనే నీటిని పరీక్ష చేయించి, పైపులైను మరమ్మతు చేయించవలసిందిగా కోరుతున్నాము."

ఇప్పుడు సమస్య మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. రెండు పొడవైన వాక్యాల నడుమ నిలిచిన రెండు మాటల వాక్యం, పిల్లల సంగతి, చెవిన గట్టిగా పడుతుంది. ముందు రాతలో అదే సంగతి కారణాల గుంపులో కలిసిపోయింది.

అయితే ఊపిరి ఆడలేదని ప్రతి వాక్యాన్నీ విరచకూడదు. "ఫలానా తేదీలోగా బాకీ చెల్లించకపోతే ఒప్పందం రద్దవుతుంది" వంటి షరతు ఒకే వాక్యంలో ఉండాలి. విడదీస్తే రెండో ముక్క షరతు లేని ప్రకటనగా మారిపోతుంది. అలాంటి చోట లోపలి అదనపు మాటలు తగ్గించాలి.

ఇంకొక చిక్కు ఉంది. రాసినవారికి ఎక్కడ ఆగాలో ముందే తెలుసు. కాబట్టి వంకర వాక్యాన్ని కూడా గొంతుతో సర్దుకుని సాఫీగా చదివేస్తారు. అందుకే చివరిసారి ఆ అర్జీని ఇంతవరకు చూడని మనిషి చేత చదివించి, మీరు వినండి. వారు ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ అందుకున్న ప్రతి చోటా దిద్దవలసింది వాక్యాన్నే.