గడువు రాయని అద్దె ఎప్పుడు ముగుస్తుంది?

మన ఊళ్లలో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు 11 నెలల అగ్రిమెంటు రాసుకోవడం మామూలే. ఏడాదికి మించి రాస్తే రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి ఈ ఏర్పాటు. 11 నెలలూ అయిపోయాక కొత్తది రాసుకునేవాళ్లు మాత్రం తక్కువ. అద్దె నెలనెలా అందుతూనే ఉంటుంది, ఎవరూ ఏమీ అనరు. మరి ఖాళీ చేయించాలన్నా, చేసి వెళ్లాలన్నా ఏ తేదీ పట్టుకోవాలి?

దీనికి జవాబు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో ఉంది. గడువు తీరాక కూడా అద్దెదారు ఉండిపోయి, ఓనరు ఒప్పుకొని అద్దె తీసుకుంటే, అది నెలనెలా కొనసాగే అద్దెగా మారుతుందని 116వ సెక్షన్ చెబుతోంది. దీన్నే పీరియాడిక్ టెనెన్సీ అంటారు. ఇళ్లకూ దుకాణాలకూ అది నెలవారీ లెక్క. వ్యవసాయానికో వస్తువుల తయారీకో ఇచ్చినదైతే ఏడాది లెక్క. ఇలాంటి అద్దె దానంతటది ముగియదు. ఎవరో ఒకరు నోటీసిచ్చి ముగించాలి. 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దెకు 15 రోజులు, ఏడాది లెక్కకు 6 నెలలు ముందుగా చెప్పాలి. అగ్రిమెంటులో వేరే గడువు రాసుకుని ఉంటే దాన్నే పాటించాలి.

విజయవాడలో ఒకావిడ తన పై పోర్షన్‌ను అద్దెకిచ్చారనుకుందాం. అగ్రిమెంటు మార్చిలో ముగిసింది. ఆ తర్వాత కూడా ఆవిడ అద్దె తీసుకుంటూనే ఉన్నారు. జూలై 3న సంతకం చేసిన నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. అది అద్దెదారుకు 6న అందింది. లెక్క మొదలయ్యేది పంపిన రోజు నుంచి కాదు, అందిన రోజు నుంచి. ఆ ప్రకారం 21తో 15 రోజులు నిండుతాయి. ఒకప్పుడు నోటీసు గడువు సరిగ్గా అద్దె నెల చివరి రోజుతో ముగియాల్సి వచ్చేది. ఒక్క రోజు తేడా వచ్చినా కేసు వీగిపోయేది. 2002 సవరణ ఆ నిబంధన తీసేసింది. నోటీసులో రోజులు తక్కువగా రాసినా, 15 రోజులూ పూర్తయ్యాకే దావా వేస్తే అది చెల్లుతుంది. ఈ నోటీసు బాధ్యత అద్దెదారుకూ ఉంది. చెప్పాపెట్టకుండా తాళంచెవి ఇచ్చేసి వెళ్లిపోతే, ఆ రోజుల అద్దె అడిగే హక్కు ఓనరుకు ఉంటుంది.

ఇక టెనెన్సీ ఎట్ విల్ ఇలా ఉండదు. ఒక దుకాణం లీజు ముగిసింది. కొత్త అద్దె ఎంతన్న దగ్గర బేరం తెగలేదు. "తేలేదాకా ఉండండి" అని ఓనరు అన్నాడు, కానీ అద్దె తీసుకోవడం లేదు. ఇక్కడ నెల లెక్క కట్టడానికి ఆధారమే లేదు. అద్దెదారు ఉన్నది ఓనరు సమ్మతి ఉన్నన్నాళ్లే. ఇద్దరిలో ఎవరైనా చాలంటే చాలు, 15 రోజుల నోటీసు అవసరం లేదు. ఖాళీ చేయమని స్పష్టంగా అడిగితే సరిపోతుంది. ఇద్దరిలో ఒకరు చనిపోయినా ఇది ముగుస్తుంది. నెలవారీ అద్దె అలా కాదు, అది వారసులకు సంక్రమిస్తుంది.

ఓనరు సమ్మతి కూడా లేకుండా గడువు దాటి ఉండిపోయినవాళ్లది మూడో స్థితి. ఆర్.వి. భూపాల్ ప్రసాద్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసులో 1995లో సుప్రీంకోర్టు ఈ తేడా వివరించింది. కేవలం అక్కడే ఉండిపోయినంత మాత్రాన అద్దె కొనసాగినట్టు కాదు, దానికి ఓనరు ఒప్పుకోలు కావాలి.

అందుకే వివాదం వచ్చినప్పుడు మొదట చూడాల్సింది గడువు తర్వాత అద్దె చేతులు మారిందా, ఏ పేరుతో మారింది అన్నదే. రసీదులూ బ్యాంకు ఖాతా వివరాలూ ఆ సంగతి చెబుతాయి. నోటీసిచ్చాక కూడా ఓనరు ఎప్పటిలాగే అద్దె తీసుకుంటే, నోటీసును తానే వదులుకున్నాడని అద్దెదారు వాదించవచ్చు. డబ్బు తీసుకున్నంత మాత్రాన ఆ వాదన నెగ్గాలని లేదు, ఓనరు ఉద్దేశమేమిటో కోర్టు చూస్తుంది. కాబట్టి నోటీసు తర్వాత తీసుకునే సొమ్ము వాడకానికి పరిహారం మాత్రమేనని రాతపూర్వకంగా తెలియజేయడం మేలు.

నోటీసు గడువు తీరినంత మాత్రాన తాళం పగలగొట్టే హక్కు రాదు. అద్దెదారు కదలకపోతే దారి కోర్టే. బలవంతంగా గెంటివేస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి అద్దెదారు స్వాధీనం తిరిగి పొందవచ్చు. అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లకైతే నోటీసొక్కటే చాలదు, ఆ చట్టం ఒప్పుకునే కారణం కూడా చూపాలి. అందుకని నోటీసు రాసేముందే ఆ ఇల్లు దాని పరిధిలోకి వస్తుందో లేదో వకీలును అడిగి తెలుసుకోవాలి.