రెండు తొట్లు, ఒక ఉప్పు లెక్క

పక్కపక్కనే రెండు తొట్లు, ఒక్కోదానిలో 100 లీటర్ల నీళ్లు. మొదటిదానిలో 10 కిలోల ఉప్పు కరిగి ఉంది, రెండోదానిలో అంతా మంచినీళ్లే. నిమిషానికి 3 లీటర్ల మంచినీళ్లు మొదటి తొట్టిలోకి వస్తాయి. అక్కడి నుంచి 4 లీటర్లు రెండోదానికి వెళ్తాయి. రెండోదాని నుంచి 1 లీటరు వెనక్కి వస్తే, 3 లీటర్లు బయటికి పోతాయి. నీటి మట్టం మారదు, ఉప్పు మాత్రం మారుతుంది.

మొదటి తొట్టిలోని ఉప్పు x, రెండోదానిలోది y అనుకుందాం.

x' = −0.04x + 0.01y
y' = 0.04x − 0.04y

x తెలియాలంటే y కావాలి, y తెలియాలంటే x కావాలి. చిక్కంతా ఇదే. లాప్లాస్ పరివర్తన x' స్థానంలో sX − 10, y' స్థానంలో sY పెట్టి, ఈ రెంటినీ మామూలు బీజగణిత సమీకరణాలుగా మార్చేస్తుంది. ఆ 10 మొదట ఉన్న ఉప్పు. దాన్ని వదిలేస్తే రెండు జవాబులూ సున్నాలే వస్తాయి. తప్పు వెంటనే దొరికిపోతుంది.

X ను తొలగిస్తే:

Y = 0.4 / ((s + 0.02)(s + 0.06))

దీన్ని పాక్షిక భిన్నాలుగా విడగొట్టి వెనక్కి మారిస్తే:

y = 10(e^(−0.02t) − e^(−0.06t))
x = 5(e^(−0.02t) + e^(−0.06t))

అసలు అందం y లో ఉంది. సున్నాతో మొదలై, సుమారు 27.5 నిమిషాలకు 3.85 కిలోలకు చేరి, ఆపై తగ్గుతుంది.

సరిచూడటానికి రెంటినీ కూడాలి. బయటికి పోయేది రెండో తొట్టి ఉప్పే కనుక మొత్తం తగ్గే వేగం ఎప్పుడూ 0.03y కావాలి. ఇక్కడ అలాగే వస్తుంది. అయితే ఉప్పు తక్షణం సమంగా కలుస్తుందనీ, మట్టం మారదనీ అనుకున్నాం. మట్టం మారితే గుణకాలు కాలంతో మారతాయి, ఇంత తేలికైన బీజగణితం ఇక మిగలదు.