రోజూ లంచ్‌కి పిలుస్తున్నారంటే ప్రేమేనా?

పన్నెండున్నర దాటగానే పక్క వరుసలోంచి “లంచ్‌కి వస్తున్నారా?” అని పిలుపు వస్తుంది. మొదటి వారం ఎవరూ పట్టించుకోరు. నెల తిరిగినా అదే మనిషి రోజూ పిలుస్తుంటే మాత్రం అనుమానం మొదలవుతుంది. ఇది స్నేహమేనా, ఇంకేమైనా ఉందా?

ఎన్నిసార్లు పిలిచారన్న లెక్కతో ఇది తేలదు. ఆఫీసులో ఒక్కరే కూర్చుని తినడం చాలామందికి ఇబ్బంది. కొత్తగా చేరినవాళ్లకు, ఊరు కాని ఊళ్లో హాస్టల్లో ఉంటున్నవాళ్లకు ఆ అరగంటైనా తోడు కావాలి. సీట్లు పక్కపక్కనే ఉండి, ఇద్దరికీ ఒకే సమయానికి ఖాళీ దొరికితే రోజూ పిలవడానికి అది చాలు. నాలుగు రోజులు గడిస్తే అలవాటైపోతుంది.

పోనీ మన మనసుకు తోచింది నమ్ముదామా అంటే అదీ కుదరదు. 1982లో ఆంటోనియా ఆబీ అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక ప్రయోగం ప్రచురించారు. పరిచయం లేని ఒక అబ్బాయి, అమ్మాయి ఐదు నిమిషాలు మాట్లాడుకుంటుంటే, మరో అబ్బాయి, అమ్మాయి చాటుగా గమనించారు. చూసినవి అవే మాటలు, అదే నవ్వు. అయినా ఆ అమ్మాయి కవ్విస్తున్నట్టు గమనించిన ఆడవాళ్లకన్నా మగవాళ్లకే ఎక్కువగా తోచింది. తర్వాతి కాలంలో జెఫ్రీ హాల్ బృందం చేసిన అధ్యయనంలో దీనికి రెండో వైపు కనిపించింది. ఎదుటివాళ్లు నిజంగానే ఇష్టం చూపుతూ మాట్లాడినప్పుడు చాలామంది దాన్ని పసిగట్టలేకపోయారు. అంటే లేనిది ఉందనుకోవడమూ ఉంది, ఉన్నది కనిపెట్టలేకపోవడమూ ఉంది. అందుకే ఊహలు పక్కనపెట్టి, పోల్చి చూడాలి.

మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు అనుకుందాం. టెస్టింగ్ టీమ్ అమ్మాయి పక్క టీమ్ అబ్బాయిని వారంలో మూడు నాలుగు రోజులు భోజనానికి పిలుస్తోంది. తన బాక్సులోని గోంగూర పచ్చడి అతని ప్లేటులో వేస్తోంది. అతనికి అది ప్రత్యేకంగా అనిపిస్తోంది. అతను ముందు చూడాల్సింది ఆమె మిగతావాళ్లతో ఎలా ఉంటోందన్నది. తను సెలవు పెట్టిన రోజు ఆమె ఎవరిని పిలిచింది? ఆ పచ్చడి ఇంకెవరికి వడ్డించింది? టేబుల్ దగ్గరున్న అందరికీ వడ్డిస్తుంటే అది ఆమె స్వభావం. అతని కోసమే విడిగా తెస్తుంటే కాస్త ఆలోచించాల్సిందే.

తర్వాత మూడో మనిషిని కలిపి చూడొచ్చు. “రేపు మా టీమ్ వాళ్లను కూడా రమ్మందామా?” అంటే ఆమె “తప్పకుండా” అని, మర్నాడు వాళ్లతోనూ హాయిగా కబుర్లు చెబితే స్నేహమనే అనుకోవచ్చు. ఒక్కసారి మొహం చిన్నబుచ్చుకున్నంత మాత్రాన ఏమీ తేలదు. ఎవరు కలిసినా ప్రతిసారీ ఇద్దరే వెళ్లేలా వేళ మారుస్తుంటే అది గట్టి సూచన.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది లంచ్ అవసరం లేని రోజు. ఇంటి నుంచి పనిచేసేటప్పుడో, ఆదివారమో మెసేజ్ వస్తోందా? అది రిలీజ్ గురించా, లేక ఎప్పుడో మాటల్లో చెప్పిన అమ్మ మోకాలి నొప్పి గురించా? ఆఫీసు బయట కలుద్దామని తనంతట తానే అంటోందా? కారణం లేకున్నా పలకరింపు ఆగకపోతే ఆసక్తి ఉండే అవకాశం పెరుగుతుంది. అయినా మంచి స్నేహితులూ ఇలాగే ఉంటారు. కాబట్టి ఈ మూడూ కలిసినా రుజువు కాదు, అడిగి చూడొచ్చన్న ధైర్యం మాత్రమే.

పైఅధికారి, కింద పనిచేసేవారి మధ్య ఈ లెక్కలేవీ పనిచేయవు. మేనేజర్ పిలిస్తే కాదనడం కష్టం. వచ్చి కూర్చున్నారు కదా అని ఇష్టం ఉందనుకోకూడదు.

అడిగితే ఒక్కసారి, సూటిగా అడగాలి. “మీరంటే నాకు ఇష్టం. ఆదివారం మనిద్దరం కాఫీకి వెళ్దామా? వద్దంటే ఏం ఫర్వాలేదు, ఇక ఆ మాట ఎత్తను” అంటే చాలు. “చూద్దాం” అని ఊరుకుని, మరో రోజేదీ చెప్పకపోతే వద్దన్నట్టే. మళ్లీ మళ్లీ అడగడం మర్యాద కాదు. పనిచేసే చోట మహిళలకు రక్షణగా 2013లో వచ్చిన చట్టం లైంగిక స్వభావమున్న అవాంఛిత ప్రవర్తనను వేధింపుగానే చూస్తుంది.

పిలుపు అందుకుంటున్నవారికి ఇష్టం లేకపోతే, “ఇకనుంచి అందరం కలిసి తిందామండీ” అని మొదట్లోనే చెప్పడం మంచిది. స్నేహంతో పిలిచినవారు సరేనంటారు. ఇంకేదో ఆశతో పిలిచినవారికీ విషయం అర్థమవుతుంది.